ఉప్పల్‌లో ఆఖరి బంతి పడ్డాక: కిలోమీటరు వరుస గురించి ఒక బహిరంగ లేఖ

మ్యాచ్ రాత్రి ఉప్పల్‌లో జనాన్ని ఇళ్లకు పంపే బాధ్యత మోస్తున్న మీ అందరికీ,

ఈ ఉత్తరం ఏ ఒక్క కార్యాలయాన్నో ఉద్దేశించి రాయడం లేదు. స్టేడియం గేట్లు ఒకరివి, బయటి రోడ్డు మరొకరిది, మెట్రో మెట్లు ఇంకొకరివి. ఆ ముగ్గురి మధ్య నిలబడేది మాత్రం టికెట్టు కొన్న మనిషి. కాబట్టి ముగ్గురూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నారని ఊహించుకుని రాస్తున్నాను.

ముందుగా ఒక కానిస్టేబుల్ గురించి చెప్పాలి. నేను మా నాన్నగారితో కలిసి చూసిన ఒక రాత్రి మ్యాచ్ తర్వాత, స్టేడియం మెట్రో స్టేషన్ మెట్లకు కొంత దూరంలో ఒకాయన తాడు పట్టుకుని నిలబడ్డాడు. కొంతమందిని వదిలి, తాడు అడ్డంపెట్టి, కాసేపాగి మళ్లీ కొంతమందిని వదులుతున్నాడు. గొంతు పూర్తిగా పోయింది. నా వెనక ఉన్నవాళ్లు ఆయన్ని తిట్టని తిట్టు లేదు. "పైన ప్లాట్‌ఫామ్ ఖాళీగా ఉంటే మమ్మల్ని ఎందుకు ఆపుతున్నారు?" అని ఒకతను అరిచాడు. నాన్నగారికి మోకాళ్ల నొప్పి. నాకూ ఆ క్షణంలో కోపం వచ్చింది. ఇంటికి వచ్చాక కాగితం మీద లెక్క వేసుకుంటే ఆయన చేస్తున్నదే సరైన పని అని తేలింది. అదే లెక్కలో, ఆయన చేతిలో లేని పనులు కొన్ని ఉన్నాయని కూడా తేలింది. ఈ ఉత్తరం వాటి గురించే.

ఉప్పల్ స్టేడియంలో దాదాపు 39 వేల మంది పడతారు. అందులో మూడో వంతు, అంటే 13 వేల మంది, మెట్రో ఎక్కుతారనుకుందాం. వాళ్లలో ఓ వెయ్యి మంది నాగోల్ వైపు పోయేవాళ్లు. మిగిలిన 12 వేల మందీ సికింద్రాబాద్, అమీర్‌పేట, రాయదుర్గం వైపు. మన మెట్రో రైలుకు మూడు పెట్టెలు, కిక్కిరిసి ఎక్కితే దాదాపు వెయ్యి మంది. ఐదు నిమిషాలకు ఒక రైలు నడిపితే గంటకు పన్నెండు రైళ్లు, 12 వేల మంది. అంటే ఎక్కడా ఒక్క నిమిషం వృథా కాకపోయినా మొదటి మనిషికీ చివరి మనిషికీ మధ్య గంట తేడా ఉంటుంది. ఇందులో ఎవరి తప్పూ లేదు, ఇది భాగహారం.

కానీ స్టాండ్లు ఖాళీ కావడానికి గంట పట్టదు. ఇరవై నిమిషాల్లో అందరూ రోడ్డు మీద ఉంటారు. ఆ ఇరవై నిమిషాల్లో నాలుగు రైళ్లు నాలుగు వేల మందిని తీసుకుపోతాయి. మిగిలిన ఎనిమిది వేల మంది ఎక్కడో ఒకచోట నిలబడాలి కదా. చదరపు మీటరుకు ఇద్దరు చొప్పున, మూడు మీటర్ల వెడల్పు వరుసలో నిలబెడితే, మీటరు పొడవుకు ఆరుగురు. ఎనిమిది వేల మందికి కిలోమీటరూ మూడో వంతు పొడవు కావాలి. స్టేషన్ బయటికి వరుస వచ్చిందంటే ఏదో విఫలమైందని పత్రికల్లో ఫొటో వేస్తారు. నిజానికి వరుస బయట ఉండడమే మంచిది. అది లోపల, మెట్ల మీద, ప్లాట్‌ఫామ్ అంచున ఉంటే భయపడాలి.

మెట్ల సంగతి ఇంకొంచెం చెప్పాలి. 1971 జనవరి 2న స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో, ఐబ్రాక్స్ మైదానంలో ఫుట్‌బాల్ మ్యాచ్ అయిపోయి జనం దిగిపోతుండగా పదమూడో నంబరు మెట్లదారి మీద తొక్కిడి జరిగి 66 మంది చనిపోయారు. వాళ్లు ఇంటికి పోతున్నవాళ్లు. ఆ ఘటన తర్వాతే బ్రిటన్‌లో మైదానాల భద్రతకు ఒక మార్గదర్శక గ్రంథం వచ్చింది, గ్రీన్ గైడ్ అంటారు. సమతలమైన దారి మీద మీటరు వెడల్పుకు నిమిషానికి 82 మంది, మెట్ల మీద 66 మంది కంటే ఎక్కువ సాఫీగా పోరని అందులో లెక్క. ఈ 66కూ ఆ 66కూ సంబంధం లేదు, కాకతాళీయమే. అయినా ఆ పుట చదివినప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది. మన దగ్గరా అంతే. 2017 సెప్టెంబర్ 29న ముంబయి ఎల్ఫిన్‌స్టన్ రోడ్ స్టేషన్‌లో వాన పడుతుంటే పాదచారుల వంతెన మెట్ల మీద ఆగిపోయిన జనంలో 23 మంది ప్రాణాలు పోయాయి. వాళ్ల వెనక ఎవరూ తాడు పట్టుకుని నిలబడలేదు.

ఈ అంకెను మన మెట్లకు అన్వయించి చూడండి. మూడు మీటర్ల వెడల్పు మెట్లయితే నిమిషానికి సుమారు 200 మంది, ఐదు నిమిషాలకు వెయ్యి మంది. సరిగ్గా ఒక రైలుకు సరిపడా. అంటే తాడు పట్టుకున్న ఆయన ఒక రైలు మోతాదును కొలిచి పైకి పంపుతున్నాడు. అంతకంటే ఎక్కువ మందిని వదిలితే రైలు పెద్దది కాదు, ప్లాట్‌ఫామ్ మాత్రం నిండిపోతుంది.

మరి "పైన ఖాళీగా ఉంది కదా" అని అరిచినతని మాట? అతను అబద్ధం చెప్పలేదు. నేను పైకి వెళ్లాక చూశాను, ప్లాట్‌ఫామ్ మీద నడవడానికి చోటుంది. నేను ఎక్కిన రైలులోనూ నిలబడేచోటు మిగిలే ఉంది. కింద అంత వరుస ఉండగా పైన రైలు ఎందుకు సగం ఖాళీగా పోతోంది? ఆపుతున్నది తాడు కాదన్నమాట. తాడుకూ రైలుకూ మధ్య ఇంకేదో ఉంది. నేను మీ అందరినీ అడగదలచుకున్న అసలు ప్రశ్న ఇదే.

ఏ వరుసకైనా ఒక మెడ ఉంటుంది, సీసాకు ఉన్నట్టు. మిగతా భాగాలను ఎంత వెడల్పు చేసినా మెడను దాటి నీళ్లు వేగంగా రావు. స్టేషన్‌లో ఆ మెడ తనిఖీ దగ్గర ఉందేమో చూడండి. మెటల్ డిటెక్టర్ చట్రంలోంచి మనిషి నడిచి, చేతులు చాపి, పరికరంతో తడమించుకుని దాటడానికి నాలుగు సెకన్లు పడుతుందనుకుందాం. ఒక చట్రం నిమిషానికి 15 మందిని దాటిస్తుంది. నాలుగు చట్రాలుంటే 60 మంది. ఐదు నిమిషాలకు మూడు వందలు. వెయ్యి మంది పట్టే రైలు మూడు వందల మందితో కదిలిపోతుంది. ఆ లెక్కన 12 వేల మంది దాటడానికి మూడు గంటల ఇరవై నిమిషాలు కావాలి. ఆ రాత్రి మీరు మూడు నిమిషాలకు ఒక రైలు వేసినా ఫలితం ఒకటే, ఖాళీ రైళ్లు ఎక్కువవుతాయి.

చాలామంది మెట్రో అంటే "రైళ్లు పెంచండి" అంటారు. నేనూ ఇన్నాళ్లూ అదే అన్నాను. ఇప్పుడు అడిగేది వేరు. రైలు స్టేడియం స్టేషన్ నుంచి కదిలేటప్పుడు లోపల చోటు ఉందా లేదా అని ఒకరిని నిలబెట్టి రాయించండి, చాలు. రైళ్లు నిండుగా పోతుంటే మెడ రైళ్ల దగ్గరుంది, రైళ్లు పెంచాలి. రైళ్లలో చోటుండి బయట వరుస ఉంటే మెడ తనిఖీ దగ్గరో, టికెట్ గేట్ల దగ్గరో ఉంది. అప్పుడు రైళ్లు పెంచడం వృథా ఖర్చు.

తనిఖీ వద్దని నేను అనడం లేదు. కానీ స్టేడియంలోకి వెళ్లేటప్పుడే మంచినీళ్ల సీసా దగ్గర నుంచి పవర్ బ్యాంకు దాకా బయట పెట్టించారు కదా. తిరిగి వచ్చేవాళ్లలో చాలామంది చేతుల్లో ఫోను, జెండా తప్ప ఏమీ ఉండవు. సంచీ లేనివాళ్లకు వేరే దారి పెడితే మనిషికి రెండు సెకన్లు చాలు. నిమిషానికి 200 మందిని దాటించాలంటే పాత పద్ధతిలో పద్నాలుగు చట్రాలు కావాలి, సంచీ లేనివాళ్ల దారిలో ఏడు చాలు. ఆ ఒక్క రాత్రికి పక్క స్టేషన్ల నుంచి మూడు చట్రాలు, వాటితోపాటు మనుషులు వస్తే సరిపోతుంది. తనిఖీని మెట్ల పైన కాకుండా కిందే, తాడుకు ముందే పెట్టగలిగితే ఇంకా మంచిది. తనిఖీ అయినవాళ్లు మెట్లెక్కి నేరుగా రైలెక్కుతారు, మెట్ల మీద ఎవరూ ఆగరు.

టికెట్లదీ ఇదే కథ. వచ్చేటప్పుడే తిరుగు టికెట్ కొనుక్కొమ్మని మీరు చెబుతూనే ఉంటారు, మేమే వినం. తీరా మ్యాచ్ అయ్యాక వేల ఫోన్లు ఒకేసారి సిగ్నల్ కోసం కొట్టుకుంటుంటే, గేటు ముందు నిలబడి ఫోనులో టికెట్ తెరవాలని చూస్తాం. గిరగిర తిరిగే ఆ గుండ్రటి గుర్తు కేసి చూస్తూ ఒక్కడు పది సెకన్లు ఆగితే వెనక గేటు మొత్తం ఆగుతుంది. ఈ విషయంలో తప్పు ప్రేక్షకులదే. నేను కూడా అలా ఆగినవాణ్ణే.

ఇక పక్క స్టేషన్ల సంగతి. వరుస చూసి భయపడ్డవాళ్లు ఇంటి వైపే కదా అని ఎన్‌జీఆర్‌ఐ స్టేషన్ దాకా నడుస్తారు. ఆ రాత్రి నా ముందు ఓ కుటుంబం పిల్లల్ని ఎత్తుకుని అటే వెళ్లింది. రైళ్లు నిండుగా పోతున్న రాత్రయితే ఇది పొరపాటు. రైలు నాగోల్‌లో బయలుదేరి, ఉప్పల్ దాటి, స్టేడియం స్టేషన్‌కు వస్తుంది. ఆ తర్వాతే ఎన్‌జీఆర్‌ఐ, హబ్సిగూడ. స్టేడియంలో నిండిన రైలే ఎన్‌జీఆర్‌ఐకి వస్తుంది. అక్కడికి నడిచినవాడు నిండు రైలు తలుపులు చూస్తూ నిలబడతాడు. వెనక్కి, ఉప్పల్ స్టేషన్‌కు నడిచినవాడికి ఖాళీ రైలు దొరుకుతుంది. ఇల్లు ఇటుంటే అటు నడవమని ఎవరూ చెప్పకపోతే ఎవరికీ తోచదు.

అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. అందరినీ ఉప్పల్‌కు పంపితే స్టేడియం స్టేషన్‌కు రైళ్లు నిండుగా వస్తాయి. పట్టా ఒకటే, రైళ్లూ అవే, కాబట్టి గంటకు పోయే మొత్తం జనం పెరగరు. మెడ రైళ్ల దగ్గరుంటే ఉప్పల్ ఉపాయం వల్ల వరుస రెండు ముక్కలవుతుంది, అంతే. మెడ తనిఖీ దగ్గరుంటే మాత్రం ఉప్పల్‌లోని చట్రాలు, ఉప్పల్‌లోని గేట్లు, ఉప్పల్‌లోని మెట్లు అదనంగా కలిసొస్తాయి. స్టేడియంలో నిమిషానికి 60, ఉప్పల్‌లో 60 అయితే ఐదు నిమిషాలకు రైలులోకి మూడు వందలకు బదులు ఆరు వందల మంది. అందుకే ముందు మెడ ఎక్కడుందో చూడమన్నాను. పొడిగించిన వేళల్లో కొన్ని మ్యాచ్‌లకు స్టేడియం, ఉప్పల్, ఎన్‌జీఆర్‌ఐ స్టేషన్లలోనే లోపలికి రానిచ్చి, మిగతా అన్నిచోట్లా దిగడానికే అనుమతించారు. ఆ ఏర్పాటు మంచిదే. దానికి తోడు ఏ గేటులోంచి బయటికి వచ్చినవాళ్లు ఏ స్టేషన్‌కు నడవాలో గేటు దగ్గరే పెద్ద అక్షరాలతో రాసిపెట్టండి. కిలోమీటరు నడిచాక చెబితే ఎవరూ వెనక్కి తిరగరు.

నాగోల్ వైపు పోయే ఆ వెయ్యి మందిని కూడా గుర్తుంచుకోండి. వాళ్ల ప్లాట్‌ఫామ్ వేరు, అక్కడ రద్దీ ఉండదు. అయినా వాళ్లు అమీర్‌పేట వాళ్ల వరుసలోనే నిలబడతారు, ఎందుకంటే రోడ్డు మీద ఉన్నది ఒకటే వరుస. రెండో తాడు కడితే చాలు.

రోడ్ల విషయానికి వస్తే, వాహనాలు మళ్లించడం గురించి నాకు ఫిర్యాదు లేదు. పైన లెక్కలో చెప్పిన కిలోమీటరు పైచిలుకు వరుస నిలబడడానికి ఆ రోడ్డే కావాలి. నేను అడిగేది రోడ్డు ఎప్పుడు తెరవాలన్న సంగతి. గడియారం చూసి తెరిస్తే వరుస తోక ఇంకా తారు మీదే ఉంటుంది. వరంగల్ వైపు నుంచి వచ్చే బస్సులు, లారీలు హారన్లు కొడుతుంటే జనం పక్కకు ఒదుగుతారు. మూడు మీటర్ల వెడల్పు వరుస మీటరున్నరకు ఇరుకై, చదరపు మీటరుకు ఇద్దరున్నచోట నలుగురు అవుతారు. ఐదుగురు దాటితే మనిషి తన కాళ్ల మీద తాను నిలబడడం మానేసి జనం ఎటు ఊగితే అటు ఊగుతాడు. దూరం నుంచి ఇది కనిపెట్టడం సులువే. మనుషుల తలలు నడకలా కాక అలలా కదులుతుంటే జనం మరీ ఒత్తుకుపోయారని అర్థం. వరుసలో ఉన్నవాళ్లకైతే, చేతిని ముఖం దాకా ఎత్తలేకపోవడమే గుర్తు. అందుకే తోక ఫుట్‌పాత్ మీదికి వచ్చాకే ఆ వైపు రోడ్డు తెరవండి, పదిహేను నిమిషాలు ఆలస్యమైనా సరే.

క్యాబులు, ఆటోల గురించి ఒక్క మాట. రోడ్డు మూసిన సంగతి ఫోనులోని పటానికి చాలాసార్లు తెలియదు. అప్పుడు అది మూసిన రోడ్డు మధ్యలోకే డ్రైవరును పిలుస్తుంది. డ్రైవరు బారికేడు దగ్గర, మనిషి గేటు దగ్గర, ఇద్దరూ ఫోను కలవక అరుచుకుంటుంటారు. బారికేడ్లకు అవతల రామంతాపూర్ వైపు ఒకటి, హబ్సిగూడ వైపు ఒకటి ఎక్కించుకునే చోట్లు నిర్ణయించి, వాటి పేర్లు మ్యాచ్ టికెట్టు వెనక అచ్చువేయండి.

చివరి రైలు మాటకు వస్తున్నాను. ఆ రాత్రి వరుస నిదానంగా, మంచిగానే కదులుతోంది. పన్నెండు కావస్తుండగా వెనక నుంచి ఎవరో "లాస్ట్ ట్రైన్ వెళ్లిపోతోందట" అన్నారు. నిజమో కాదో తెలియదు. ఆ ఒక్క మాటతో వరుస వెనకభాగం ముందుకు తోసుకొచ్చింది. నాన్నగారి చేయి నా చేతిలోంచి జారిపోయింది. నేను తిరిగి చూసేసరికి ఆయన మెట్రో స్తంభాన్ని రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉన్నారు. అర నిమిషంలో సర్దుకుంది, ఎవరికీ ఏమీ కాలేదు. కానీ అప్పటిదాకా ఓపికగా నిలబడ్డ జనం ఎందుకు తోశారు? గంట నిలబడడానికి వాళ్లు సిద్ధమే, గంట నిలబడ్డాక రైలు ఉండదేమోనన్న భయాన్ని మాత్రం తట్టుకోలేకపోయారు.

ఆ భయం ఉత్తదేమీ కాదు. ఏడున్నరకు మొదలైన ఐపీఎల్ మ్యాచ్ పదకొండుంబావు, పదకొండున్నరకు ముగుస్తుంది. అక్కడి నుంచి పైన చెప్పిన గంట లెక్క కలుపుకోండి. చివరి మనిషి ఎక్కేసరికి పన్నెండున్నర దాటుతుంది. సూపర్ ఓవర్ పడినా, నడుమ వాన వచ్చినా ఇంకా ఆలస్యం. గడియారం ప్రకారం చివరి రైలు ప్రకటిస్తే వరుస తోకలో ఉన్నవాళ్లందరూ మనసులో పరుగు మొదలుపెడతారు. దాని బదులు ఒక్క మాట ఇవ్వండి: ఈ వరుసలో నిలబడ్డ చివరి మనిషి ఎక్కేదాకా రైలు ఉంటుంది.

ఆ మాట నిలబెట్టుకోవడం ఎలాగో కూడా ఆలోచించాను. పన్నెండుంబావుకు ఒక ఉద్యోగి ఎర్ర జెండాతో వరుస తోకలో నిలబడాలి. ఆయన ముందున్నవాళ్లందరికీ రైలు ఖాయం. ఆయన వెనక వచ్చేవాళ్లకు బస్సులు ఎక్కడున్నాయో ఆయనే చూపిస్తాడు. జెండా స్టేషన్ చేరాకే చివరి రైలు కదులుతుంది. పైవాళ్లు జెండా ఎక్కడుందో చూసి ఇంకా రెండు రైళ్లు కావాలా మూడు కావాలా తేల్చుకోవచ్చు. లండన్‌లో వెంబ్లీ మైదానం నుంచి వెంబ్లీ పార్క్ స్టేషన్‌కు నడిచే దారిలో జనాన్ని ఆపుతూ వదులుతూ పంపుతారు. ఆగు, నడువు అని రాసిన పలకలు అందరికీ కనిపించేలా ఎత్తి పట్టుకుంటారు. మన కానిస్టేబుల్‌కు కూడా అలాంటి పలక ఒకటి, చేతిమైకు ఒకటి ఇవ్వండి. ఆయన గొంతుతో ఎనిమిది వేల మందికి చెప్పలేడు. వరుస పక్కన ప్రతి వంద మీటర్లకు ఒక కర్ర పాతి, "ఇక్కడి నుంచి రైలుకు 20 నిమిషాలు", "ఇక్కడి నుంచి 40 నిమిషాలు" అని రాసిపెట్టండి. తిరుమలలో కంపార్ట్‌మెంట్లలో గంటలకొద్దీ కూర్చున్న జనం మనవాళ్లు. ఎంతసేపో చెబితే కూర్చోగలరు.

స్టేడియం నిర్వాహకులకు ఒక మనవి. పదిహేనో ఓవరులోనే మ్యాచ్ ఎలా ముగుస్తుందో చాలావరకు తెలుస్తుంది. ఏకపక్షంగా ఉంటే జనం అప్పటి నుంచే లేచిపోతారు, వరుస దానంతటదే పలచబడుతుంది. ఆఖరి ఓవరు దాకా సాగితే 39 వేల మంది ఒక్కసారిగా లేస్తారు. ఆ పదిహేనో ఓవరులో స్టేషన్‌కు ఒక ఫోను చేయండి. మ్యాచ్ అయ్యాక దీపాలు, మరుగుదొడ్లు, టీ కొట్లు ఇంకో అరగంట ఉంచండి. వరుస ఎంత ఉందో పెద్ద తెర మీద చూపించండి. వరుసలో నిలబడే బదులు కుర్చీలో కూర్చుంటామనేవాళ్లు మా నాన్నగారి లాంటివాళ్లు వేలల్లో ఉంటారు.

వచ్చే మ్యాచ్‌కు మేమిద్దరం మళ్లీ వస్తాం. ఆయన స్టాండులోనే కూర్చుని టీ తాగుతారు. నేను ముందుగా స్టేషన్‌కు వెళ్లి, అభ్యంతరం లేకపోతే, ప్లాట్‌ఫామ్ చివర గడియారం పట్టుకుని కదిలే ప్రతి రైలులో ఎంత చోటు మిగిలిందో రాసుకుంటాను. ఆ కాగితం మీకు పంపిస్తాను.

ఇట్లు,
తార్నాకలో దిగే ఒక ప్రయాణికుడు